మధ్యలో అమ్మ: ఒక కెరీర్ గొడవ కేస్ స్టడీ

కుటుంబ కౌన్సెలింగ్‌లో నా దగ్గరికి వచ్చే కెరీర్ గొడవల్లో చాలావాటికి మొదట్లో ఒకటే రూపం ఉంటుంది: పిల్లలు ఒకటి అంటారు, పెద్దలు ఇంకొకటి అంటారు. రెండు మూడు సార్లు కూర్చుని మాట్లాడాక తెలిసేదేమిటంటే, అసలు వాళ్లిద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోనే లేదని. ఈ కేసును రాయడానికి కారణం అదే. గుర్తుపట్టగలిగే వివరాలన్నీ మార్చాను, పేర్లు వాడలేదు.

అమ్మాయి వయసు 21. అకౌంట్స్ వృత్తి కోర్సులో సగం దాటింది. తండ్రికి సొంతంగా లెక్కల ఆఫీసు ఉంది. కూతురు కోర్సు ముగించి ఆ ఆఫీసు చూసుకోవాలని ఆయన కోరిక. అమ్మాయికేమో వీడియో ఎడిటింగ్ మీద మనసు. ఏడాదిగా ఇంట్లో ఇదే రగడ. ఈమధ్య ఒక పరీక్షకు ఫీజు కట్టి కూడా హాల్లోకి వెళ్లకుండా ఇంటికి తిరిగొచ్చేసింది. ఆ తర్వాతే తల్లి నాకు ఫోన్ చేసింది. "మేడమ్, మీరు దానికి కాస్త చెప్పండి. వాళ్ల నాన్న మంచోడే, ఇదే వినట్లేదు." ఫోన్ పెట్టేసే ముందు గొంతు తగ్గించి, "నేను ఫోన్ చేశానని ఆయనకి తెలియనివ్వకండి" అంది. ఈ రెండో మాటనే నేను నోట్స్‌లో మొదట రాసుకున్నాను.

అమ్మాయితో మొదటిసారి ఒంటరిగా కూర్చున్నప్పుడు కెరీర్ ప్రస్తావన తేవడానికి ముందే నిద్ర, తిండి, స్నేహితులతో తిరగడం గురించి అడిగాను. ఆ తర్వాత సూటిగానే, "చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపించిందా? దానికోసం ఏదైనా ఆలోచించావా?" అని అడిగాను. ఈ ప్రశ్న అడగడానికి కొత్తగా వచ్చిన కౌన్సెలర్లు జంకుతారు, లేని ఆలోచన పుట్టిస్తామేమోనని. అలా పుట్టించదు. అడిగితేనే బయటికొచ్చే విషయమది. ఇంట్లో కొట్టడం, గదిలో పెట్టి తాళం వేయడం, ఫోన్ లాక్కోవడం, పెళ్లి చేసేస్తామని బెదిరించడం లాంటివి ఉన్నాయా అని కూడా అడిగాను. ఆమె విషయంలో నిద్ర చెడింది, టెన్షన్ ఎక్కువగా ఉంది, కానీ ప్రాణం మీదికి వచ్చే ఆలోచనలు లేవు, ఇంట్లో హింస లేదు. ఈ జవాబులు వేరేలా ఉండుంటే ఈ కేసు ఇలా నడిచేది కాదు. కొట్టే ఇంట్లో అందరినీ ఒకచోట కూర్చోబెడితే, అక్కడ నిజం చెప్పినందుకు పిల్లకి ఇంటికెళ్లాక శిక్ష పడుతుంది.

మాటల దారి గీసి చూడటం

తర్వాత ఒక తెల్ల కాగితం మీద మూడు వృత్తాలు గీయించాను: అమ్మాయి, తల్లి, తండ్రి. గత నెలలో చదువు గురించి ఎవరు ఎవరితో ఏమన్నారో గుర్తున్నంతవరకు బాణం గుర్తులతో వేయమన్నాను. ఇదే పని తల్లితో, తండ్రితో విడివిడిగా చేయించాను. మూడు కాగితాలూ పక్కపక్కన పెడితే ఒకటి కొట్టొచ్చినట్టు కనిపించింది. బాణాలన్నీ తల్లి వృత్తం గుండానే పోతున్నాయి. తండ్రికీ కూతురికీ మధ్య నేరుగా గీత దాదాపు లేదు.

అమెరికన్ మానసిక వైద్యుడు మర్రే బోవెన్ కుటుంబాల గురించి చెప్పిన సంగతుల్లో ఇది చాలా పనికొచ్చేది. ఇద్దరి మధ్య టెన్షన్ పెరిగితే వాళ్లు మూడో మనిషిని మధ్యలోకి లాగుతారు. అప్పటికప్పుడు వేడి తగ్గుతుంది. కానీ ఆ ఇద్దరి మధ్య తేలాల్సింది తేలకుండా అలాగే ఉండిపోతుంది. ఆయన దీన్ని త్రికోణం అన్నాడు. మధ్యలో చేరిన మనిషి చెడ్డ ఉద్దేశంతో చేరరు. ఈ ఇంట్లో తల్లి చేస్తున్నది ఇల్లు విరిగిపోకుండా పట్టుకోవడమే.

అది ఎలా పనిచేస్తోందో ఒక్క సంఘటన చాలు. పరీక్షకు ముందు రోజుల్లో తండ్రి భార్యతో అన్నది ఇది: "ఈ పరీక్ష రాయనీ, తర్వాత చూద్దాం. నాకు ఆఫీసు ఎవరు చూస్తారో తేలాలి." తల్లి కూతురి గదిలోకి వెళ్లి చెప్పింది: "నాన్న ఒప్పుకున్నట్టే. ఈ పరీక్ష ఒక్కటీ రాసెయ్." కూతురు అంది: "రాస్తాను. కానీ ఇదే ఆఖరు, ఆ తర్వాత మానేస్తాను." తల్లి హాల్లోకి వచ్చి చెప్పింది: "రాస్తానందండీ."

ప్రతిసారీ సగం వాక్యం రాలిపోయింది. తండ్రి మాటలో ఆఫీసు గురించిన దిగులు పోయింది, కూతురి మాటలో ఆఖరు అన్నది పోయింది. తర్వాత రోజుల్లో తండ్రి తన దారిన తాను వచ్చే ఏడాది కోచింగ్‌కు డబ్బు కట్టేశాడు, కూతురు ఒప్పుకుందనే అనుకుని. అది తెలిసిన కూతురు "నన్ను మోసం చేశారు" అని పరీక్ష హాలు గేటు దగ్గరి నుంచి వెనక్కి వచ్చేసింది. దాంతో తండ్రి ఆమెను మాట మీద నిలబడని మనిషిగా లెక్కేశాడు. ఇద్దరి కోపానికీ కారణం ఉంది. ఇద్దరూ విననిదాని మీద కోప్పడుతున్నారు, అంతే.

ఇక్కడ నాదొక గట్టి అభిప్రాయం. ఇలాంటి ఇళ్లలో "పెద్దవాళ్లను ఎలా ఒప్పించాలి" అన్న ప్రశ్నతో మొదలుపెడితే పని ముందుకు సాగదు. ఒప్పించే వాదనలు ఎంత బాగా తయారుచేసినా అవి తల్లి దగ్గర మెత్తబడి, సగమై అవతలికి చేరతాయి. ముందు దారి బాగుచేయాలి, బండి సంగతి తర్వాత.

తల్లిని "మీరు మధ్యలోకి రాకండి" అంటే చాలదు. ఇరవై ఏళ్లుగా ఆమె చేస్తున్న పని అది. దాన్ని తీసేస్తే ఆమెకు తన అవసరమే లేదనిపిస్తుంది. అందుకే ఆమెతో విడిగా కూర్చుని, ఆమె నోట్లో ఇమిడే రెండు మాటలు తయారుచేసుకున్నాం. కూతురు వచ్చి "నాన్నకి చెప్పమ్మా" అంటే, "నాకు వినడం ఇష్టమే, కానీ ఈ మాట నాన్ననే అడుగు." భర్త వచ్చి "దానికి చెప్పు" అంటే, "మీరే చెప్పండి, నేను పక్కనే ఉంటాను." ఈ వాక్యాలను ఆమె చేత గట్టిగా అనిపించాను. మొదటిసారి అన్నప్పుడు ఆమెకే నవ్వొచ్చింది, ఎవరో పరాయి మనిషి మాట్లాడుతున్నట్టుందని. నాకు ఫోన్ చేసి రహస్యంగా చెప్పే పద్ధతికి కూడా ఇదే నియమం పెట్టాం: నాకు చెప్పింది అందరి ముందు చెప్పదగిందైతేనే చెప్పండి, ఎవరికైనా ప్రమాదం ఉంటే తప్ప.

మొదటి వారాలు ఇంట్లో పరిస్థితి ఇంకా చెడినట్టే కనిపించింది. ఇన్నాళ్లూ మెత్తగా చేరిన మాటలు ఇప్పుడు గరుగ్గా చేరాయి. తండ్రీకూతుళ్లు నేరుగా అరుచుకున్నారు. తల్లి భయపడి, "ముందే బాగుండేది మేడమ్" అంది. ఇది చెడుకు సూచనో మంచికి సూచనో తెలుసుకోవడానికి నేను రెండు సంగతులు చూస్తాను. గొడవలు ఒకే విషయం మీద నిలుస్తున్నాయా, లేక పాత లెక్కలన్నీ తవ్వుతున్నాయా అన్నది ఒకటి. తల్లి ఖాళీ చేసిన చోటులోకి ఇంకెవరైనా వచ్చి కూర్చున్నారా అన్నది రెండోది. ఇక్కడ రెండోది జరిగింది. తండ్రి వెళ్లి తన అన్నగారితో చెప్పుకున్నాడు, పెదనాన్న అమ్మాయికి ఫోన్లు మొదలుపెట్టాడు. త్రికోణం పోలేదు, ఒక మూల మారింది. అమ్మాయికి దానికీ ఒక వాక్యం ఇచ్చాను: "పెదనాన్నా, మీ మాటకి విలువ ఉంది. కానీ ఇది నేనూ నాన్నా తేల్చుకోవాల్సింది." అయిదారు సార్లు అదే మాట, అదే స్వరంతో అన్నాక ఫోన్లు తగ్గాయి. వాదించి ఉంటే తగ్గేవి కావు. వాదన అంటే పిలుపే కదా.

నిజంగా కావాలా, వద్దన్నారు కాబట్టి కావాలా

ఈలోగా అమ్మాయితో ఇంకో పని సాగింది. పిల్లల కోరికను పెద్దలు అనుమానిస్తారు, కౌన్సెలర్లు అనుమానించరు. రెండూ తొందరపాటే. 1966లో జాక్ బ్రెమ్ అనే మనస్తత్వవేత్త ఒక సిద్ధాంతం చెప్పాడు: మన స్వేచ్ఛను ఎవరైనా లాక్కుంటున్నారనిపిస్తే, ఆ నిషేధించిన వస్తువు మీద ఆకర్షణ పెరుగుతుంది. ఇంట్లో ఏడాదిగా వద్దు వద్దు అంటున్న పనిని ఒక పిల్ల ఎంత గట్టిగా కోరుకుంటోందన్నది, ఆ పని మీద ఉన్న ఇష్టానికి సరైన కొలత కాదు.

అందుకని అడిగాను: "రేపు పొద్దున్నే నాన్న నీ గదిలోకి వచ్చి, సరేనమ్మా, నీ ఇష్టమొచ్చింది చేసుకో అన్నారనుకో. సోమవారం తొమ్మిదింటికి నువ్వు ఎక్కడుంటావు? ఏం చేస్తుంటావు?"

చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "తెలీదు మేడమ్. ఆయన ఒప్పుకోరు అన్నదాకే ఆలోచించాను" అంది. తలొంచుకుంది. సిగ్గుపడాల్సిందేమీ లేదని చెప్పాను. గోడను నెట్టడంలోనే మనిషి బలమంతా అయిపోతే, గోడ అవతల ఏముందో చూసే తీరిక ఎక్కడిది?

ఈ ప్రశ్నకు నేను చూసినంతలో మూడు రకాల జవాబులొస్తాయి. కొందరు గడగడా చెప్పేస్తారు: ఫలానావాళ్ల దగ్గర చేరతాను, ఫలానా పని నేర్చుకుంటాను. వాళ్లకు కోరిక ముదిరింది. కొందరు ఇష్టం లేని చదువు మానేయడం గురించే చెబుతారు, తర్వాత సంగతి చెప్పలేరు. వాళ్లకు ఏం వద్దో తెలుసు, ఏం కావాలో తెలీదు. ఆ వద్దు అన్నది కూడా నిజమే, దాన్నీ లెక్కలోకి తీసుకోవాలి, కానీ ఇంట్లో "నాకు ఎడిటర్ కావాలనుంది" అని చెప్పడం వాళ్లకు తొందర అవుతుంది. మూడోరకం వాళ్లకు ఒక్కసారిగా బాధ ముంచుకొస్తుంది. ఇష్టం లేని చదువు కంటే నాన్నను ఓడించామన్న భావమే వాళ్లను ఎక్కువ బాధపెడుతుందని అప్పుడే తెలుస్తుంది. ఈ అమ్మాయి మొదట రెండో రకంలో ఉంది.

దీనికి మాటలతో పరిష్కారం లేదు, పని చూడాలి. తెలిసినవాళ్ల ద్వారా ఒక చిన్న స్టూడియోలో ఎడిటర్ పక్కన కొన్ని వారాలు కూర్చునే ఏర్పాటు ఆమే చేసుకుంది. ఎవరికీ చెప్పకుండా వెళ్లొద్దని ముందే అన్నాను, ఆమె తండ్రికి నేరుగా చెప్పి వెళ్లింది. ఆయన "నీ ఇష్టం" అన్నాడు, ముఖం తిప్పుకుని. ప్రతిరోజూ రెండు విషయాలు మాత్రం రాయమన్నాను: ఇవాళ పనిలో విసుగొచ్చిన గంట ఏది, ఆ గంట తర్వాత మళ్లీ కుర్చీలో కూర్చోబుద్ధయిందా.

పనిలో ఆకర్షణ ఉన్న భాగాన్ని ఎవరైనా ఇష్టపడతారు. ఎడిటింగ్‌లో ఆకర్షణ లేని భాగం చాలా ఎక్కువ: వచ్చిన ఫుటేజీ అంతా చూసి క్లిప్పులకు పేర్లు పెట్టడం, విడిగా రికార్డయిన శబ్దాన్ని బొమ్మతో కలపడం, బ్యాకప్‌లు తీయడం, క్లయింటు "బాగుంది, కానీ మొదటిదే బాగుందేమో" అంటే మూడోసారి మార్చడం. ఆమె నోట్‌బుక్కులో మొదటి వారంలో విసుగు నిండుగా ఉంది. రెండో వారంలో ఒక చోట ఇలా ఉంది: "శబ్దం రెండు ఫ్రేములు వెనకపడింది. ఎవరూ కనిపెట్టలేదు. నాకు తెలిసింది. సరిచేసేదాకా లేవలేదు." మనసు లగ్నమైందని చెప్పడానికి నాకు దీనికంటే ఆధారం అక్కర్లేదు. అదే సమయంలో ఆమెకు అర్థమైన రెండో సంగతి: అక్కడ పనిచేసేవాళ్లకు పని ఒక నెల ఊపిరాడకుండా ఉంటుంది, ఇంకో నెల ఉండదు. ఇది ఆమె ముందు లెక్కేసుకోలేదు.

తండ్రి గదిలో

తండ్రితో విడిగా కూర్చున్న సెషన్‌లో నేను కూతురి తరఫున ఒక్క మాట కూడా అనలేదు. "ఆమె ఎడిటింగ్‌లోకి వెళ్తే మీకు కనిపించే అన్నింటికంటే చెడ్డ దృశ్యం ఏది?" అని అడిగాను. ఆదాయం గురించి చెబుతాడనుకున్నాను. చెప్పాడు కూడా. కానీ రెండోసారి అడిగితే, ఆయన తనకు ఆ మధ్య గుండె సమస్య వచ్చిందని, ఆఫీసులో పనిచేసేవాళ్ల జీతాలు, క్లయింట్ల ఫైళ్లు తాను లేకపోతే ఎవరికి అప్పగించాలో తెలియట్లేదని చెప్పాడు. ఈ సంగతి ఇంట్లో భార్యకు తెలుసు, కూతురికి తెలీదు. భయపడుతుందని చెప్పనివ్వలేదట.

అంటే ఆయన వత్తిడి అంతా కూతురి భవిష్యత్తు గురించి కాదు. ఒక భాగం ఆఫీసుకు వారసుడు గురించి. ఈ రెండూ కలిసిపోయి ఉన్నంతకాలం, కూతురు ఎంత మంచి ఎడిటింగ్ చూపించినా ఆయనకు సమాధానం దొరకదు. ఎందుకంటే అది ఆయన అడుగుతున్న ప్రశ్నకు జవాబు కాదు. వాటిని విడదీయడమే ఆ సెషన్‌లో పని. కూతురికి ఆరోగ్యం సంగతి తానే చెబుతానని ఆయన అన్నాడు. దాన్ని ఆయుధంగా వాడకూడదని ముందే మాట్లాడుకున్నాం. "నా గుండె ఇలా ఉంది, నువ్వు రావాలి" అంటే అది సమాచారం కాదు, కట్టేయడం. "నా గుండె ఇలా ఉంది, అందుకే ఆఫీసు గురించి ఆందోళనగా ఉంది" అంటే అది చెప్పుకోవడం.

కూతురి వైపు నుంచి నేరుగా చెప్పాల్సినదాన్ని రాయించాను. మొదటి డ్రాఫ్టు రెండు పేజీలు, ఏడాదిలో జరిగిన అన్యాయాల జాబితా. కొట్టేస్తూ పోగా మిగిలింది ఇంతే: "నాన్నా, నేను ఈ కోర్సు కొనసాగించను. నీ మీద కోపంతో కాదు, ఆ పనిలో నాకు మనసు నిలవట్లేదు. ఎడిటింగ్ పని దగ్గరుండి చూశాను, అందులో ఇబ్బందులేంటో కూడా తెలిశాయి. ఏడాది ప్రయత్నం చేస్తాను, దాని షరతులు నీతో కూర్చుని రాసుకుంటాను." వివరణలు తక్కువ ఉండటం కావాలని చేసిందే. ప్రతి కారణం అవతలివాళ్లకు ఖండించడానికి ఒక తలుపు. నిర్ణయానికి పది కారణాలు చెబితే, అందులో బలహీనమైనది పట్టుకుని వాదన నడుస్తుంది.

ఉమ్మడి సెషన్‌లో ఆమె అది చదవలేదు, చూడకుండానే చెప్పింది. గొంతు వణికింది. తండ్రి వెంటనే ప్రశ్నలు కురిపించాడు. అప్పుడే జవాబివ్వొద్దని ముందే అనుకున్నాం. "మంచి ప్రశ్న నాన్నా, రెండు రోజుల్లో చెప్తాను" అని కాగితం మీద రాసుకుంది. రాసుకోవడం చూసి ఆయన నెమ్మదించాడు. తర్వాత ఆరోగ్యం గురించి ఆయన చెప్పాడు. తల్లి అలవాటుగా మధ్యలోకి రాబోయి, నా వైపు చూసి ఆగింది.

వాళ్లు రాసుకున్న ఒప్పందం ఒక పేజీ. ఏడాది గడువు, మధ్యలో ఆరు నెలలకు ఒకసారి సమీక్ష. ఏడాదిలో ఇల్లు, తిండి తల్లిదండ్రులవి, కోర్సులు, సాఫ్ట్‌వేర్ ఖర్చు ఆమెది. ఆరు నెలలనాటికి ఎంత చిన్నదైనా డబ్బు తీసుకున్న పని మూడు ఉండాలి, ఆ పని ఇచ్చినవాళ్లలో ఒక్కరైనా మళ్లీ పిలవాలి. మళ్లీ పిలవడం అన్న షరతు తండ్రిదే. ఆఫీసులో క్లయింట్లను ఆయన అలాగే తూచేవాడు, అందుకే ఈ కొలత ఆయనకు నమ్మకం కలిగించింది. రెండు వైపులా నిషేధాలు కూడా రాసుకున్నారు: బంధువుల ముందు ఆయన ఎత్తిపొడవకూడదు, ఆమె పని లేని రోజుల్ని దాచకూడదు. ఆఫీసు సంగతి ఇందులో లేదు. దానికి వేరే కాగితం, అందులో ఆమె పేరు లేదు. ఆఫీసులో చాలాకాలంగా ఉన్న జూనియర్‌కు భాగస్వామ్యం ఇచ్చే మాట ఆయన మొదలుపెట్టాడు.

ఆరు నెలల సమీక్షలో మూడు పనులు ఉన్నాయి, ఒకరు మళ్లీ పిలిచారు. తల్లి ఇప్పటికీ అప్పుడప్పుడు రెండు వైపులా మాట మోస్తుంది, ఎక్కువగా ఆమెకు నిద్ర పట్టని రోజుల్లో. ఏడాది చివర్లో ఒప్పందంలో ఒక లోటు బయటపడింది. పని వస్తోంది, మళ్లీ పిలుస్తున్నారు, కానీ ఆదాయం వేరుగా బతకడానికి చాలదు. అప్పుడేం చేయాలో కాగితంలో రాయలేదు. తండ్రి ఇంకో ఏడాది పొడిగించడానికి ఒప్పుకున్నాడు, ఈసారి ఒక నిర్దిష్టమైన నెలవారీ మొత్తం కూడా రాయాలని పట్టుబట్టాడు. ఎంత అన్నదాని మీద ఇద్దరూ ఇంకా బేరమాడుకుంటున్నారు. ఈసారి నేరుగా.